మూతికి గీత పడకుండా

జిడ్డక్క అన్న పేరు చేతులకు అంటిన గ్రీజు వల్ల వచ్చిందని కొత్తవాళ్ళు అనుకుంటారు. పాతవాళ్ళకు అసలు సంగతి తెలుసు. ఆమె చేతిలో పడ్డ పని ఒక పట్టాన తెమలదు. ఇంజను తెచ్చినవాడు బల్ల మీద కూర్చుని టీ తాగి, పేపరు మొదటి పేజీ నుంచి పెళ్ళిసంబంధాల ప్రకటనల దాకా చదివి, ఆవలించి లేచి చూస్తే, ఆమె ఇంకా మొదటి బోల్టు దగ్గరే ఉంటుంది. దాని చుట్టూ పేరుకున్న మట్టిని పాత టూత్‌బ్రష్షుతో దులుపుతూ ఉంటుంది. "ఏంటక్కా, ఆ బోల్టుని పెళ్ళికూతుర్ని చేస్తున్నావా?" అని అడిగినవాళ్ళు ఉన్నారు. "తొందరగా ఉంటే నువ్వే విప్పుకో" అంటుంది తలెత్తకుండా. విప్పుకోవడం రాకే కదా అక్కడికి వచ్చింది, నోరు మూసుకుని మళ్ళీ బల్ల మీదే కూర్చుంటారు.

ఆ పేరు పెట్టింది కూడా పరాయివాళ్ళు కాదు, సొంత చెల్లెలు. వాళ్ళ నాన్నది రేడియేటర్లకు టంకం పెట్టే పని. రేకుల షెడ్డు, యాసిడ్ వాసన, మధ్యలో పెద్ద నీళ్ళ తొట్టి. రేడియేటర్ను తొట్టిలో ముంచి గాలి ఊదితే ఎక్కడ బుడగ లేస్తుందో అక్కడ చిల్లు ఉన్నట్టు. బడి నుంచి రాగానే పెద్దపిల్ల ఆ తొట్టి పక్కన చతికిలబడేది. ఒక్క బుడగ కోసం కళ్ళలో వత్తులు వేసుకుని చూసేది. చిన్నపిల్ల మాత్రం గౌను మాసిపోతుందని గుమ్మం దాటేది కాదు. అక్కడి నుంచే అరిచేది: "అన్నం చల్లారిపోతోందే! ఎంత జిడ్డే నువ్వు!" నాన్న పకపకా నవ్వాడు. ఆ రోజుతో పేరు ఖాయమైపోయింది.

నాన్న పోయాక షెడ్డు ఆమెదైంది. రేడియేటర్లతో మొదలుపెట్టి పంపుసెట్లు, డీజిల్ ఇంజన్లు, జనరేటర్ల దాకా చెయ్యి సాగించింది. మొగుడు లారీ మీద దూరాలు పోతాడు. ఇంటికి వచ్చిన రోజున వంట ఆయనదే, ఎందుకంటే ఆమె కూరగాయలు తరిగే వేగానికి ఇద్దరూ పస్తుండాలి. అలా అని ఆయనే అందరికీ చెప్పి నవ్విస్తాడు. ఆమె కూడా నవ్వుతుంది. ఊరంతా జిడ్డక్కా అని పిలిచినా ఆమెకు పట్టింపు లేదు. ఆ మాట చెల్లెలి నోట విన్నప్పుడు మాత్రం లోపలెక్కడో చివుక్కుమంటుంది.

చెల్లెలూ, ఆమె మొగుడూ ఊరి చివర చిన్న హేచరీ నడుపుతున్నారు. కోడిగుడ్లను మెషిన్లలో పొదిగించి, పిల్లల్ని ఫారాలకు పంపే వ్యాపారం. కరెంటు పోతే ఆదుకోవడానికి ఒక పాత జనరేటర్ ఉంది. దానికి ఏ జబ్బు చేసినా వాళ్ళు పిలిచేది తుపాకిని. అతనూ మెకానిక్కే, బజారులో షాపు. వచ్చిన పని చిటికెలో ముగించి వెళ్ళిపోతాడని ఆ పేరు. ఊళ్ళోనే సొంత అక్క ఉండగా అతన్నెందుకు పిలుస్తారని ఒకసారి బంధువుల ఇంట్లో ఎవరో అడిగారు. "మా అక్క పని బంగారమే. కానీ తను మొదలెడితే, ఈలోగా మా కోడిపిల్లలు పెరిగి పెద్దవై గుడ్లు కూడా పెట్టేస్తాయి" అంది చెల్లెలు. అందరూ విరగబడి నవ్వారు. జిడ్డక్క కూడా నవ్వింది. ఇంటికి వచ్చాక ఆ పూట ముద్ద దిగలేదు.

అలాంటి చెల్లెలు ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"అక్కా, తొందరగా రా! గాలికి స్తంభాలు పడిపోయాయంట, కరెంటు ఇప్పట్లో రాదంటున్నారు. జనరేటర్ వేస్తే రేడియేటర్ గొట్టం పగిలి నీళ్ళు చిమ్మేసింది. తుపాకికి చేస్తే ఫోనెత్తట్లేదు. లోపల పిల్లలు పెంకులు పగలగొట్టుకుని బయటికొస్తున్నాయక్కా!"

తుపాకి దొరక్క తనను పిలిచిందన్న సంగతి జిడ్డక్క వినకపోలేదు. విని మింగేసింది. పనిసంచి సర్దుకుంది. అందులో గొట్టాలు కోసే కత్తి ఉంది, గరుకుకాగితం ఉంది, టంకం సామానంతా ఉంది. గొట్టం మార్చడానికి టంకంతో పనిలేదు. అయినా రేడియేటర్ పనికి ఆ సామాను లేకుండా గడప దాటడం ఆమెకు అలవాటు లేదు.

హేచరీ చేరేసరికి చెల్లెలు లోపల మెషిన్ల తలుపులు బార్లా తీసి, అట్టముక్కతో విసురుతోంది. పిల్లలు బయటికి వచ్చే ఆ చివరి ఘడియల్లో మెషిన్‌కు వేడి పెట్టనక్కర్లేదు. వందల ప్రాణాలు ఒకచోట ఉంటే వాటి వేడే వాటికి ఎక్కువ. ఫ్యాన్లు ఆగితే ఆ వేడి పోయే దారి లేక పై ట్రేల్లోని పిల్లలు ముందు ఉక్కిరిబిక్కిరవుతాయి. పోయిన విడత గుడ్లు తెగులు తగిలి సగానికి సగం పిల్లలు కాలేదు. ఈసారి కూడా చేతులెత్తేస్తే ఫారాలవాళ్ళు వేరే చోటు చూసుకుంటామని ముఖం మీదే చెప్పారు. అంటే ఈ విడత పోతే హేచరీకి తాళం వేసుకోవడమే. ఆ సంగతి చెల్లెలు నోటితో చెప్పలేదు, ఆమె ముఖంలో రాసి ఉంది.

జనరేటర్ షెడ్డు పక్కనే. మరిది అక్కడ కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. మంచివాడే, కష్టపడతాడు. కాకపోతే కుదురుగా ఒకచోట నిలబడటం ఆ మనిషికి చేతకాదు.

"వచ్చారా వదినా! కొత్త గొట్టం ఉంది, చూడండి" అంటూ గోడకు వేలాడుతున్న గొట్టాన్ని తెచ్చి ఇచ్చాడు. "ఈ పాతది లాగేసి, కొత్తది తొడిగేస్తే అయిపోయె. నేను లాగి చూశా, రావట్లా. పైపురెంచీ వేసి తిప్పేద్దామా?"

"తిప్పావంటే గొట్టం రాదు, రేడియేటర్ మూతి ఊడి చేతికొస్తుంది" అంది జిడ్డక్క. "దూరం జరుగు."

రేడియేటర్ పై తొట్టికి పక్కన బొటనవేలు పొడుగున పలుచటి ఇత్తడి పైపుముక్క అతికించి ఉంటుంది. గొట్టం తొడుక్కునే మూతి అదే. చివరన చుట్టూ చిన్న గట్టు. అలాంటిదే ఇంకో మూతి ఇంజను పక్కన ఉంటుంది, అది అల్యూమినియంది. ఈ రెంటి మధ్యా వేడినీళ్ళు నడిచేది రబ్బరు గొట్టంలో. ఏళ్ళ తరబడి ఉడికి ఉడికి ఆ రబ్బరు కట్టెలా బిగుసుకుపోయింది. వేలితో నొక్కితే లొంగలేదు, గోటితో కొడితే టక్కుమంది. రేడియేటర్ వైపు, గొట్టాన్ని బిగించే క్లాంపు పక్కన నోరు తెరిచినట్టు పగిలి ఉంది.

ఆమె రేడియేటర్ అడుగున ఉన్న కుళాయి తిప్పి, పై మూతి కంటే కిందికి మట్టం దిగేదాకా నీళ్ళు బకెట్లోకి వదిలింది. రెండు క్లాంపులూ వదులు చేసి తీసేసింది. రెండు వైపులా లోపల మూతి లేని చోటు చూసుకుని, గొట్టాన్ని అడ్డంగా కోసి మధ్యముక్కను పక్కన పారేసింది. ఇక మిగిలింది ఆ మూతికీ ఈ మూతికీ తొడిగినట్టున్న రెండు పొట్టి తొడుగులు. పనంతా అక్కడే ఉంది.

ముందు ఇంజను వైపు కూర్చుంది. కత్తి తీసి, మొన దగ్గర బియ్యపుగింజంత అంచు మాత్రమే బయటికి కనిపించేలా మిగతాదంతా దారంతో చుట్టడం మొదలుపెట్టింది.

"వదినా, ఇప్పుడు దారం చుడుతున్నారా!" మరిది తల పట్టుకున్నాడు.

"దారం ఆపినచోట కత్తి ఆగుతుంది. లేకపోతే నా చెయ్యి ఆపాలి. నా చేతిని నేను నమ్మను."

"తుపాకి అయితే ఒక్క గీత గీసి..."

"తుపాకి ఇక్కడ లేడుగా" అంది ఆమె.

గొట్టం పొడుగునా ఒక గీత గీసింది. పైపైన. అదే గీతలో మళ్ళీ కత్తి నడిపింది. మళ్ళీ. నల్లటి పొడి రాలుతోంది. మూడు నాలుగు సార్లయ్యాక రబ్బరు మధ్యలో ఉండే నూలుపోగులు తెల్లగా బయటపడ్డాయి. అక్కడ చెయ్యి ఇంకా నెమ్మదించింది. పోగులు ఒక్కొక్కటీ పుటుక్కుమంటూ తెగుతున్నాయి. వాటి కింద ఇంకో పొర రబ్బరు ఉంటుంది, దాని కింద మూతి. చివరి గట్టు దగ్గర లోహం ఉబ్బి పైకి వస్తుంది కనుక, తెలియనివాడి కత్తి సరిగ్గా అక్కడే తగులుతుంది. ఆమె గట్టు దగ్గరికి రాగానే కత్తిని పైకి తేల్చి, దారం కట్టిన చోటు కూడా ఆనకుండా నడిపింది.

"అక్కా, వేడి ఎక్కుతోంది!" లోపలి నుంచి చెల్లెలి గొంతు. "పై ట్రేలో పిల్లలు నోళ్ళు తెరుస్తున్నాయి!"

జిడ్డక్క చెయ్యి మాత్రం వేగం పెంచలేదు. కత్తి పక్కన పెట్టి వెడల్పాటి స్క్రూడ్రైవరు తీసుకుంది. దాని మొనను ఆ గాడిలో అడ్డంగా ఉంచి, తాళంచెవి తిప్పినట్టు తిప్పింది. గట్టిపడ్డ రబ్బరు కోతకు మొండికేస్తుంది గానీ విరుపుకు ఇట్టే లొంగుతుంది. లోపలి పొర కత్తి ముట్టకుండానే టప్పుమని పొడుగునా చీలింది. తొడుగును రెండు చేతులతో విప్పి తీసేసింది. అల్యూమినియం మూతి మీద నల్లటి మరకలే తప్ప చిన్న గీత కూడా లేదు.

"అమ్మయ్య" అన్నాడు మరిది.

ఆమె రేడియేటర్ వైపు తిరిగింది. తొడుగు అంచున ఎండిపోయిన ఎర్రటి పదార్థం కనిపించింది. గోటితో గీకి చూసింది.

"ఇదేంటయ్యా?"

"పేస్టు వదినా. హెడ్ గాస్కెట్లకి పూస్తారే, అది. ఇక్కడ కొంచెం చెమర్చినట్టుంటే, లీకు రాకూడదని లోపలంతా పూసి తొడిగాను. నేనే చేశా." గొప్పగానే చెప్పాడు.

ఇంటి జనరేటర్‌ను సొంతంగా చూసుకునే వాళ్ళంతా చేసే తప్పే అది. గొట్టం ఊరికే తొడగాలి, బిగించే పని క్లాంపుది. పేస్టు పూస్తే లీకు ఆగుతుంది నిజమే, కానీ వేడికి అది రాయిలా మారి రబ్బరునీ ఇత్తడినీ ఒక్కటి చేస్తుంది. ఇలాంటి చోట విరుపు పనిచెయ్యదు. లోపలి పొర విరిగినా మూతిని వదలదు.

"వేడినీళ్ళ గుడ్డ చుట్టి మెత్తబరచాలి. నేను వంటింట్లో నీళ్ళు కాచుకొస్తా. నువ్వు దీన్ని ముట్టుకోకు" అంది జిడ్డక్క.

ఇల్లు హేచరీ వెనకే. స్టవ్వు వెలిగించి గిన్నె పెట్టింది. నీళ్ళు మరగడానికి ఎంత సేపు పడుతుందో అంతే పడుతుంది, వాటిని తిట్టి లాభం లేదు. గిన్నె అడుగున సన్నటి బుడగలు లేస్తుంటే చూస్తూ నిలబడింది. పొగలు రాగానే గిన్నె పట్టుకుని వెనక్కి బయల్దేరింది. షెడ్డు గుమ్మం ఇంకా నాలుగడుగులు ఉందనగా ఆ చప్పుడు వినిపించింది.

కిర్రుమంది. చిన్న చప్పుడే. ఆ చప్పుడు ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఇత్తడి మీద ఉక్కు నడిచిన చప్పుడు.

లోపలికి వెళ్ళేసరికి మరిది నవ్వు ముఖంతో లేచి నిలబడ్డాడు. ఒక చేతిలో చీరిన తొడుగు, రెండో చేతిలో దాణా బస్తాలు కోసే కత్తి. పక్కన చెల్లెలు కూడా ఉంది, అట్టముక్క చేతిలోనే ఉంది.

"అయిపోయింది వదినా! మూతి దాకా కోసి పీకితే ఒక్క దెబ్బకి వచ్చేసింది. ఇక తొడిగేద్దాం."

జిడ్డక్క గిన్నె కింద పెట్టి మూతి దగ్గరికి వంగింది. పేస్టు పెచ్చుల మధ్య, గట్టు మీది నుంచి మొదలు దాకా, పొడుగునా ఒక గీత. కొత్త ఇత్తడి తళతళా మెరుస్తోంది. గోరు అడ్డంగా ఆనించి లాగింది. గోరు టక్కున ఆగింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

"ముట్టుకోవద్దన్నానా లేదా? నీకు తెలుగులోనే చెప్పానుగా!"

"చిన్న గీతే కదా వదినా! క్లాంపు గట్టిగా బిగిస్తే..."

"ఈ గీత అడ్డంగా చుట్టూ పడి ఉంటే నేను నోరెత్తేదాన్ని కాదు. ఇది పొడుగున పడింది. లోపలి నీళ్ళకి బయటికి బాట వేసినట్టు. నువ్వెంత బిగించినా రబ్బరు పైన కూర్చుంటుందే గానీ ఆ గాడిలోకి దిగదు. ఇంజను వేడెక్కి లోపల ఒత్తిడి పెరిగిందా, ఇక్కడి నుంచే కారుతుంది. కారి కారి నీళ్ళు అయిపోతాయి, ఇంజను పట్టేస్తుంది. అప్పుడిక గొట్టంతో పోదు, జనరేటరే పోతుంది."

"అయితే ఏం చెయ్యాలంటారు?" మరిది గొంతులో నవ్వు పోయింది.

"టంకం పెట్టి గీత పూడ్చాలి."

"ఇప్పుడా? ఇంకెంత సేపు?" అతను పెళ్ళాం వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవే. తొడిగేసి స్టార్ట్ చేద్దాం, కారితే నీళ్ళు పోస్తూ ఉందాం. సాయంత్రానికి కరెంటు వస్తుందిగా! అక్కడ పిల్లలు చచ్చిపోతుంటే ఇక్కడ టంకం ఏంటి?"

అతను అన్నది మరీ అర్థంలేని మాట కాదు. వినేవాళ్ళకు అదే నయమనిపిస్తుంది. ఫ్యాన్లు ఇప్పుడే తిరుగుతాయి. కారడం తరవాతి సంగతి.

చెల్లెలు అక్క ముఖంలోకి చూసింది. మొగుడి ముఖంలోకి చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు నిండాయి. జిడ్డక్క ఆమెను బతిమాలలేదు, కేకలు కూడా వెయ్యలేదు. చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. చెల్లెలి చూపుడువేలి గోరు ముందు అల్యూమినియం మూతి మీద పెట్టి చుట్టూ తిప్పింది. ఎక్కడా ఆగకుండా నున్నగా జారింది. తరవాత ఇత్తడి మూతి మీద పెట్టి తిప్పింది. గోరు తట్టుకుంది. చెల్లెలు ఉలిక్కిపడింది. ఆ వేలిని ఆమే మళ్ళీ ఒకసారి తిప్పి చూసుకుంది.

లోపలి నుంచి కోడిపిల్లల కిచకిచలు వినిపిస్తున్నాయి. అంతకుముందు కంటే కొంచెం తగ్గాయి. తగ్గడమే భయం.

"టంకం పెట్టక్కా" అంది చెల్లెలు. మొగుడి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. "మీరు ఆ చివర తలుపు దగ్గర విసరండి. పై ట్రేలు కిందికి దించుదాం. పదండి!"

షెడ్డులో జిడ్డక్క ఒక్కతే మిగిలింది. కోపం, భయం, చెల్లెలు తన మాట విన్నదన్న సంతోషం, మూడూ ఒకేసారి పొంగి చేతులు వణికాయి. ఆ వణుకు తగ్గేదాకా ఏదీ ముట్టుకోలేదు. గోడ అవతల ప్రాణాలు పోతుంటే ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో ఆమెకు ఆ కాసేపట్లో తెలిసింది.

తరవాత వేడినీళ్ళ గుడ్డతో పేస్టును మెత్తబరిచి, చెక్కముక్కతో గీకి తీసేసింది. మూతి లోపలా బయటా తడి లేకుండా తుడిచింది. గరుకుకాగితం పట్టీలా చింపి మూతి చుట్టూ వేసి అటూ ఇటూ లాగింది, పొడుగున ఒక్కసారి కూడా రుద్దలేదు. మూతి తొట్టికి అతికిన చోట కూడా ఉన్నది టంకమే, వేడి అక్కడి దాకా పాకితే ఆ అతుకు కరిగి మూతి మొత్తం ఊడిపోతుంది. అందుకని ఆ మొదట్లో తడిగుడ్డ దట్టంగా చుట్టింది. టంకం పెట్టే రాగికడ్డీ కాల్చింది. గీతకు యాసిడ్ రాసింది. కడ్డీ ఆనించి టంకం తీగ తాకించగానే అది వెండిరంగులో కరిగి గీత వెంట పరిగెత్తింది. తడిగుడ్డ సుయ్యిమంది. కడ్డీని వెంటనే తీసేసింది. గట్టు దగ్గర కొంచెం గాడి మిగిలింది. గుడ్డ మళ్ళీ తడిపి, మూతి చల్లారేదాకా ఆగి, మళ్ళీ కడ్డీ కాల్చింది.

లోపల మరిది గొంతు వినిపించింది, "ఈ పిల్ల కదలట్లేదే." చెల్లెలు ఏదో అంది, అది వినపడలేదు. జిడ్డక్క పళ్ళు బిగించి రెండోసారి టంకం పారించింది.

చల్లారాక ఉబ్బెత్తుగా ఉన్న టంకాన్ని గరుకుకాగితంతో చుట్టూ తిప్పుతూ అరగదీసింది. మిగిలిన యాసిడ్ పోయేలా నీళ్ళతో కడిగింది. గోరు ఆనించి మూతి చుట్టూ తిప్పింది. జారింది. నమ్మకం కుదరక వెనక్కి తిప్పింది. మళ్ళీ జారింది.

కొత్త గొట్టం లోపల నీళ్ళతో తడిపి రెండు మూతులకూ తొడిగింది. క్లాంపులు గట్టుకు వెనకగా జరిపి, రబ్బరు నలగకుండా బిగించింది. రేడియేటర్ నిండా నీళ్ళు పోసి, మూత వేసి, మీట నొక్కింది. ఇంజను దగ్గి, పొగ కక్కి, అందుకుంది. మరుక్షణం గోడ అవతల ఫ్యాన్లు తిరిగిన హోరు వినిపించింది. చెల్లెలు గట్టిగా ఏడ్చేసింది, ఆ ఏడుపు హోరులో కూడా వినపడింది.

జిడ్డక్క లోపలికి వెళ్ళలేదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఏ మూతైనా కారదు. నీళ్ళు మరిగి ఒత్తిడి పూర్తిగా ఎక్కాకే నిజం తెలుస్తుంది. రేడియేటర్ పక్కన ముక్కాలిపీట వేసుకుని, మూతి కింద వేలు పెట్టి కూర్చుంది. గొట్టం గోరువెచ్చనయింది, వేడెక్కింది, చెయ్యి పెట్టలేనంత కాలింది, లోపలి ఒత్తిడికి బిర్రబిగుసుకుంది. ఆమె ఊపిరి బిగబట్టి వేలు చూసుకుంది. పొడిగా ఉంది. ఇంకొంతసేపు పెట్టి చూసింది. పొడిగానే ఉంది. అప్పుడు గోడకు చేరబడి కళ్ళు మూసుకుంది.

చాలాసేపటికి చెల్లెలు వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. చున్నీ నిండా పసుపుపచ్చ నూగు అంటుకుని ఉంది.

"పై రెండు ట్రేల్లో చాలా పోయాయక్కా. మిగతావి బాగున్నాయి. రేపు పంపొచ్చు."

"ఊఁ."

"నేనో మాట చెప్పాలి."

జిడ్డక్క కళ్ళు తెరవలేదు.

"ఆయన నువ్వు చెప్పినట్టే చేతులు కట్టుకుని నిలబడ్డారు. నువ్వు ముట్టుకోవద్దన్నావని నాతో అన్నారు కూడా. బస్తాల కత్తి తెచ్చి ఆయన చేతికిచ్చింది నేను. మా అక్క వచ్చేసరికి తెల్లారుతుంది, మీరు కోసెయ్యండి అన్నాను." ఆమె చున్నీకి అంటిన నూగు పీకుతోంది. "నువ్వు ఆయన్ని తిడుతుంటే ఆయన నా పేరు చెప్పలేదు. నేనూ నోరు మెదపలేదు."

ఇంజను ఒకే తీరున కొట్టుకుంటోంది. జిడ్డక్కకు చెప్పలేనంత బాధ కలిగింది. మరిది తొందరపాటు అనుకుంటే అది వేరే కోపం, ఒక రోజులో చల్లారేది. ఇది చెల్లెలు. అక్క వీపు తిప్పగానే అక్క చేతిని నమ్మని చెల్లెలు. పరవాలేదులే అనాలని నోటిదాకా వచ్చింది. అబద్ధం అవుతుందని ఆగిపోయింది.

"నొప్పేసిందే" అంది. "చాలా నొప్పేసింది."

చెల్లెలు తల దించుకుంది. కాసేపటికి వేడిగా బిగిసి ఉన్న ఆ గొట్టం వైపు చూసి, అక్క పెట్టినట్టే మూతి కిందికి తన వేలు జరిపింది. ఇంజను వేడికి ముఖం ఎర్రబడుతున్నా వేలు తియ్యలేదు.

"నువ్వు లోపలికెళ్ళి పడుకో అక్కా. నేను చూస్తూ ఉంటా" అంది.

"ఎంతసేపు చూడాలో తెలుసా?"

"నువ్వు చాలనేదాకా."

జిడ్డక్క లేవలేదు. పీట కొంచెం పక్కకు జరిపి చెల్లెలికి చోటిచ్చింది.